బంతికో బస్తా

మా ఊరి రామాలయంలో శ్రీరామనవమి కల్యాణం అయ్యాక జరిగే అన్నసంతర్పణకి వంట చూసుకునే బాధ్యత నాకు అప్పజెప్పి ఏడేళ్లయింది. మొదటి మూడేళ్లూ వంట మేస్త్రికి నేను చెప్పినవి మూడే మాటలు. మడిగా వండండి, మంచి సరుకు వాడండి, ఎవరికీ తక్కువ కాకుండా చూడండి. ఆయన ప్రతిసారీ "అలాగేనండి" అనేవాడు. నాలుగో ఏడు కూడా అలాగే చెప్పాను, ఆయన ఆ మూడు మాటలూ తప్పకుండా పాటించాడు. అయినా ఆ సాయంత్రం మా రెండు వీధుల్లోనే పదకొండు మందికి వాంతులయ్యాయి.

ఎవరి ప్రాణం మీదకీ రాలేదు. రాత్రికల్లా అందరూ తేరుకున్నారు. కానీ దేవుడి పేరు చెప్పి పెట్టిన అన్నం తిని పసిపిల్ల నా కళ్ల ముందే వాంతి చేసుకుంటుంటే నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఇంటింటికీ వెళ్లి ఒకే ప్రశ్న అడిగాను: "మీరు ఎన్నో బంతిలో కూర్చున్నారు?" మొదటి బంతిలోనూ రెండో బంతిలోనూ తిన్న వాళ్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు. పదకొండు మందీ నాలుగో బంతి, ఐదో బంతి వాళ్లే. అందరూ తిన్న రెండు మూడు గంటల్లోనే వాంతి చేసుకున్నారు. ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగారు ఇదంతా విని, "అన్నం ఎప్పుడు వార్చారు?" అని మాత్రం అడిగారు. కూర గురించి గానీ నూనె గురించి గానీ అడగలేదు.

అన్నం పొద్దున 10 గంటలకే వార్చేశారు.

మా దగ్గర కల్యాణం అభిజిత్ లగ్నంలో, అంటే నడి మధ్యాహ్నం జరుగుతుంది. భద్రాచలంలోనూ అదే వేళ, చాలా ఊళ్ల రామాలయాల్లోనూ అదే వేళ. మాంగల్యధారణ 12 దాటాక, తలంబ్రాలు ముగిసేసరికి ఒంటిగంట. మహానైవేద్యం, హారతి అయ్యి మొదటి బంతి కూర్చునేది ఒంటిగంటన్నరకి. మా భోజనాల పాకలో ఒక్కసారికి 200 ఆకులు పడతాయి. వచ్చేది సుమారు 1,000 మంది. అంటే 5 బంతులు. వడ్డన, తినడం, ఆకులెత్తి నేల కడగడం కలిపి బంతికి 40 నిమిషాలు. ఆఖరి బంతి లేచేసరికి దాదాపు ఐదవుతుంది.

మేస్త్రి తెల్లవారుజామున 3 గంటలకే గాడిపొయ్యి వెలిగించి, 10 గంటలకల్లా మొత్తం బియ్యం వండి వార్చి, ఈత చాపల మీద తెల్లగుడ్డ పరిచి రాశి పోయించాడు. పైన తడిగుడ్డ కప్పాడు. ఆ రాశికి పసుపు కుంకుమలు పెట్టి హారతి ఇచ్చాం. నడుమెత్తున ఉన్న ఆ అన్నాన్ని చూసి మా పెద్దవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాకూ కడుపు నిండినట్టనిపించింది. ఆ రాశే చైత్రమాసపు ఎండలో ఆరున్నర గంటలు ఆ చాపల మీద ఉంది.

బియ్యంలో మట్టి నుంచి వచ్చే ఒక సూక్ష్మజీవి ఉంటుంది, బాసిల్లస్ సీరియస్ అంటారు. అన్నం ఉడికేటప్పుడు అది చావదు. గట్టి పెంకు కట్టుకున్న విత్తనంలా ఆ ఉడుకును ఓర్చుకుని, అన్నం గోరువెచ్చన అయ్యాక మొలకెత్తి పెరుగుతుంది. పెరిగేటప్పుడు ఒక విషం వదులుతుంది. ఆ విషానికి వాసన లేదు, రుచి లేదు. అంతకంటే ముఖ్యం, మళ్లీ వేడి చేసినా అది పోదు. అన్నం జిగురు సాగితేనో పులిసిన వాసన వస్తేనో పాడైందని మనం గుర్తు పడతాం గానీ, ఆ గుర్తులు కనపడక ముందే హాని చేసేంత విషం అందులో ఉండవచ్చు. అందుకే ముక్కుతో పరీక్షించి వడ్డించడం సరిపోదు. వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదంటే బయట 2 గంటలకు మించి ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే. రాశి పోసిన అన్నం ఈ రెండింటికీ చెందదు. పైపొర చల్లారుతుంది. లోపల గంటల తరబడి వెచ్చగా, తడిగా ఉండిపోతుంది. ఆ జీవికి అంతకంటే అనువైన చోటు ఇంకోటి లేదు. పైన కప్పిన తడిగుడ్డ ఆ తేమను పోనివ్వదు.

మేస్త్రి తప్పు చేశాడని నేను అనను. ఆయన ఎప్పటి నుంచో వస్తున్న పద్ధతిలోనే చేశాడు. తప్పు నాది. ఏ సమయానికి ఏది సిద్ధంగా ఉండాలో నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు సమయం అంటే నైవేద్యం వేళ. నైవేద్యానికి ముందు వంట మొత్తం ముగిసిపోవాలి. అక్కడే మాకు అసలు చిక్కు ఎదురైంది.

ఐదో ఏడు ఉగాది వెళ్లిన రెండో రోజున కమిటీ కూర్చున్నప్పుడు నేను బంతికో వాయి చొప్పున అన్నం వండిద్దాం అన్నాను. మా పెద్దాయన ఒకరు వెంటనే అడిగారు, "మహానైవేద్యం అయ్యాక వండిన అన్నం ప్రసాదం ఎలా అవుతుందయ్యా? దేవుడికి చూపించనిది సంతర్పణ అంటామా, హోటలు భోజనం అంటామా?" ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. అన్నసంతర్పణకు వచ్చేవాళ్లు ఆకలి తీర్చుకోవడానికే రారు. ఇంట్లో అన్నం ఉన్నవాళ్లు కూడా రెండు గంటలు ఎండలో నిలబడి, ఒక పిడికెడు రాముడి ప్రసాదం కోసం ఆకు ముందు కూర్చుంటారు. ఆ ప్రసాదత్వం పోతే అంత వంట ఎందుకు?

అందుకని ఆ ప్రశ్న పట్టుకుని అర్చకస్వామి దగ్గరికే వెళ్లాం. ఆయన ఎక్కువ ఆలోచించలేదు. "తొలి వాయిలోంచి మహానైవేద్యానికి తీయండి. తర్వాతి వాయిల్లో నివేదన అయినదాన్ని కలపండి" అన్నారు. ఈ పద్ధతి చాలా చోట్ల ఉన్నదే. నాకు మాత్రం ఒక అనుమానం వచ్చింది. ఒంటిగంటకు నివేదించిన అన్నం నాలుగింటికి వార్చిన వేడి అన్నంలో కలిపితే, పాతది కొత్తదాంట్లోకి తోడు వేసినట్టే అవుతుంది కదా అని అడిగాను. స్వామి ఒక్క క్షణం ఆగి, "అయితే అన్నం వద్దు. నైవేద్యం మీది తులసిదళాలు తీసి ఉంచుతాను. ప్రతి వాయి మీదా ఒక దళం వేయండి, తీర్థం చిలకరించండి" అన్నారు. పెద్దాయన దానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు ప్రతి గుండిగ దించగానే తులసిదళం పట్టుకుని వెళ్లేది ఆయనే.

మేస్త్రికి రాసిచ్చిన కాగితంలో మొదటి పంక్తి అలా పుట్టింది: బంతికి ఒక బస్తా, బస్తాకి ఒక వాయి.

ఈ లెక్క నోటికి అందేంత తేలికగా కుదరడం మా అదృష్టం. పులిహోర, చక్కెరపొంగలి కూడా ఉన్న భోజనంలో మా ఊరి తిండికి మనిషికి తెల్లన్నం బియ్యం 125 గ్రాములు పడుతుంది. పట్నంలో 100 గ్రాములే చాలంటారు. పొలం పనికి వెళ్లేవాళ్లు ఎక్కువ ఉన్న ఊళ్లో ఇంకా ఎక్కువే కావాలి. 200 మందికి 125 గ్రాముల చొప్పున 25 కిలోలు. అంటే సరిగ్గా ఒక బస్తా. ఇది ఏడాది దాటిన పాత బియ్యానికి వేసిన లెక్క. పాత బియ్యం బాగా ఒదుగుతాయి, మెతుకు విడిగా ఉంటుంది. కొత్త బియ్యం ఒదగవు, పైగా అన్నం ముద్దకట్టి లోపల వేడి ఆరదు. అందుకని సంచి మీద ముద్ర చూసి కాకుండా పిడికెడు బియ్యం ముందుగా వండించి చూసి కొంటాను.

ఇక వేళ సంగతి. మొదట నేను గంటలు వేసి రాశాను. మొదటి వాయి 12:50కి, రెండోది 2:00కి, ఇలా. మేస్త్రి కాగితం చదివి, "బావుందండీ, కానీ కల్యాణం మీరు రాసిన టైముకి అవుద్దాండీ?" అన్నాడు. నిజమే. ఒక ఏడు పెద్దమనుషులు ఆలస్యంగా వస్తారు, ఇంకో ఏడు తలంబ్రాల దగ్గర జనం కదలరు. గోడ గడియారాన్ని నమ్ముకుంటే అన్నం ముందైనా అవుతుంది, వెనకైనా పడుతుంది. అప్పుడు ఆయనే దారి చూపించాడు. "గట్టిమేళం వినపడగానే ఎసట్లో బియ్యం పోసేస్తానండి. ఎసరు ముందే మరగబెట్టి ఉంచుకుంటాను."

అంతకంటే మంచి గంట ఇంకెక్కడ దొరుకుతుంది? మాంగల్యధారణకు గట్టిమేళం మోగినప్పటి నుంచి తలంబ్రాలు ముగిసి నైవేద్యం వేళయ్యే వరకు ముప్పావుగంట పడుతుంది. అరగంట నానిన బియ్యం మరుగుతున్న ఎసట్లో పడితే ఉడికి వార్చడానికి దాదాపు అరగంట. దించాక పది నిమిషాలు ఉమ్మగిలనిస్తే నైవేద్యానికి తీసే వేళకి అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది. ఆ తర్వాత పద్ధతి ఇంకా సులువు. ఒక బంతి కూర్చోగానే తర్వాతి బంతికి ఎసట్లో బియ్యం పడాలి. బంతి 40 నిమిషాలు, వంట 30 నిమిషాలు. రెండు గుండిగలు వంతులవారీగా పొయ్యి మీద ఉంటాయి. ఒకదాంట్లో అన్నం ఉడుకుతుంటే రెండోదాంట్లో ఎసరు కాగుతూ ఉంటుంది. వాచీ చూడాల్సిన పని ఎవరికీ లేదు.

దీనివల్ల నేను అనుకోని ఇంకో మేలు జరిగింది. తక్కువ పడుతుందేమో అన్న భయం పోయింది. ఇదివరకు ఆ భయంతోనే 1,000 మందికి 1,200 మంది వంట చేసేవాళ్లం. మిగిలింది రాత్రి గోతిలో పూడ్చేవాళ్లం. ఇప్పుడు ఐదు బస్తాలకు తోడు ఆరో బస్తా మూతి విప్పకుండా పక్కన ఉంటుంది. నాలుగో బంతికి ఆకులు వేసేటప్పుడు బయట ఎంతమంది నిలబడ్డారో నేనే వెళ్లి లెక్కపెట్టి మేస్త్రికి చెబుతాను. 120 మందే ఉంటే ఐదో వాయికి 15 కిలోలే పోస్తాడు. జనం పోటెత్తితే ఆరో బస్తా విప్పుతాడు. అన్నం మిగిలితే పారేయాలి, బియ్యం మిగిలితే కొట్లో పెట్టుకోవచ్చు.

అన్నం ఒక్కదానికే ఇంత రాశారేం, మిగతావి పాడవ్వవా అని మేస్త్రి కింద పనిచేసే కుర్రాడు అడిగాడు. పాడవుతాయి, కానీ ఒక్కోదాని తీరు ఒక్కోలా ఉంటుంది. పప్పు, సాంబారు సన్నని సెగ మీద మరుగుతూ ఉన్నంత సేపు భయం లేదు. పొయ్యి మీదనుంచి దించకూడదు, అంతే. పప్పు ముందే ఉడికించి సెగ మీద ఉంచి, మామిడికాయ ముక్కలూ పోపూ బంతికి సరిపడా కలిపితే రుచి కూడా తాజాగా ఉంటుంది. కందిపప్పు మనిషికి పప్పులోకి 25 గ్రాములు, సాంబారులోకి 15 గ్రాములు అని రాశాను. కూర రెండు వాయిలుగా చేయిస్తాను.

పులిహోర ఒక్కటే తెల్లవారుజామున చేసే పని. పులుపు, నూనె, ఉప్పు, పసుపు దాన్ని కాపాడతాయి. మన పెద్దవాళ్లు ప్రయాణాల్లో మూట కట్టుకున్నది పులిహోరే, పప్పన్నం కాదు. అయితే ఆ కాపుదల పులుపు ఉన్నంతే. 45 కిలోల బియ్యం పులిహోరకి 5 కిలోలకు తగ్గకుండా చింతపండు ఉండాలని కాగితంలో రాసి ఉంటుంది. చింతపండు తగ్గించి పసుపుతో రంగు తెచ్చిన పులిహోర చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ సాయంత్రానికి మెత్తబడి తేడా తెలుస్తుంది. అన్నాన్ని పెద్ద పళ్లాల్లో పల్చగా ఆరబోసి, వేడి తగ్గాకే పులుసు కలపాలి. పులుసు కాచేది మాత్రం స్టీలు గిన్నెలో. గుడి ఇత్తడి గుండిగల్లో కళాయి పూత అరిగిపోయిన చోట చింతపండు పులుసు తగిలితే చిలుము ఎక్కుతుంది, తిన్నవాళ్లకు కడుపులో తిప్పుతుంది. ప్రతి ఏడూ ఫాల్గుణంలోనే ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించాలి. వేయించని ఏడు వాటిని నీళ్లకే వాడాలి.

దద్దోజనం సంతర్పణలోంచి తీసేశాను. దీనికి కొంతమంది ఇప్పటికీ నొచ్చుకుంటారు. స్వామి నివేదనకి చిన్న గిన్నెతో వండుతారు, అంతే. 1,000 మందికి దద్దోజనం కలిపి మూడు గంటలు నిలబెట్టడం ఎండాకాలంలో కుదరని పని. వేడి అన్నంలో పెరుగు కలిపితే పులిసిపోతుంది. చల్లారబెట్టి కలుపుదామంటే మళ్లీ పై చిక్కే. దాని బదులు ఆకులో వేడన్నం, విడిగా గట్టి పెరుగు. కొబ్బరి పచ్చడి కూడా అలాగే మానేశాం. మామిడికాయ పచ్చడి సాయంత్రం దాకా నిలబడుతుంది.

ఇప్పుడు మడి. ఈ మాట దగ్గర నాకూ మేస్త్రికీ మొదట చాలా వాదన జరిగింది. "మడి కట్టుకుని వండుతున్నామండి, ఇంకేం శుభ్రం కావాలండి?" అన్నాడు. మడిలో ఉన్న మంచిని నేను కాదనను. స్నానం చేసి, ఉతికి ఆరేసిన బట్ట కట్టుకుని, ఎవరినీ ముట్టుకోకుండా, నిన్నటిది ఏదీ వాడకుండా, ఎంగిలి తగలకుండా వండటం ఎంత మంచి అలవాటో వేరే చెప్పాలా? కానీ మడి పంచె కట్టుకున్న మనిషికి ముందురోజు విరేచనాలయ్యాయా అని మడి అడగదు. వేలికి చీము పట్టిన పుండు ఉందా అని అడగదు. మధ్యలో బయటికి వెళ్లొచ్చినప్పుడు కాళ్లు కడుక్కోమంటుంది, చేతులు సబ్బుతో తోముకోమని చెప్పదు. అందుకని మడి పక్కనే ఇవి కూడా రాశాను. వాంతులు, విరేచనాలు అయిన మనిషి తగ్గిన తర్వాత కూడా రెండు రోజులు వంటలో చెయ్యి పెట్టకూడదు. ఆయన కూలి మాత్రం ఆయనకి ఇచ్చేస్తాం. ఈ రెండో వాక్యం లేకపోతే మొదటి వాక్యం పనిచేయదు. కూలి పోతుందంటే జబ్బు ఎవరూ చెప్పరు.

శుద్ధి అంటే వండేవాడి కులం అనుకునేవాళ్లు మా కమిటీలోనూ ఉన్నారు. స్వామి నివేదనకి విడిగా వండే చిన్న గిన్నె గర్భగుడి పక్కనున్న వంటశాలలో అర్చకస్వామి ఇంటివాళ్లు వండుతారు, అది ఆలయ ఆచారం. సంతర్పణ వంటకి మాత్రం కాగితంలో కులం అన్న మాట లేదు, నేను ఉన్నంత వరకు ఉండదు. తినడానికి అందరూ ఒకే బంతిలో కూర్చున్నప్పుడు, కూరలు తరగడానికి కొందరి చేతులు పనికిరావంటే నేను ఒప్పుకోను.

వంటశాల విషయంలో నేను గట్టిగా పట్టుబట్టింది గిన్నెల గురించి. కేటరింగు వాళ్ల గుండిగలు నిన్న రాత్రి ఏ ఫంక్షన్లో మాంసం వండి వచ్చాయో ఎవరికి తెలుసు? తోమితే పోతుంది కదా అంటారు. భక్తుడి మనసుకు అది పోదు, ఆ మనసును గౌరవించాల్సిందే. గుండిగలు, గరిటెలు, కత్తిపీటలు, కొబ్బరి కోరు, వార్చే గుడ్డలు అన్నీ గుడివే. బయటినుంచి ఒక్క గరిటె కూడా రాకూడదు. వాడిన నూనె డబ్బా అసలే రాకూడదు. గుడ్డలు మాత్రం ప్రతి ఏడూ కొత్తవి కొని, ముందురోజు ఉడికించి ఎండలో ఆరేస్తాం.

నీళ్ల సంగతి మేం చాలాకాలం పట్టించుకోలేదు. వంటకు వాడే నీళ్లు ఎలాగూ మరుగుతాయి. మరగని నీళ్లు వెళ్లేది పానకంలోకి, మజ్జిగలోకి, వడపప్పు నానబెట్టడానికి. శ్రీరామనవమి ప్రసాదం అంటేనే పానకం, వడపప్పు. అందుకని ఆ మూడింటికీ కాచి చల్లార్చిన నీళ్లే. ముందురోజు సాయంత్రం కాచి, కడిగిన స్టీలు డ్రమ్ముల్లో మూతపెట్టి ఉంచుతాం. ఒక ఏడు పానకం చల్లగా ఉండాలని ఎవరో ఉత్సాహంగా ఐసు దిమ్మలు తెప్పించారు. అవి చేపల పెట్టెల్లో వేయడానికి తయారుచేసిన ఐసు. తాగే నీళ్లతో చేసింది కాదు, వచ్చిన రిక్షా కూడా చేపల రిక్షాయే. ఆ దిమ్మలు డ్రమ్ములో పడకముందే నేను చూడటం ఆ రాముడి దయ. కాగితంలో ఇప్పుడు "ఐసు వద్దు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. పానకం బిందెలకి తడిగుడ్డ చుట్టి నీడలో పెడితే చాలినంత చల్లబడుతుంది.

వంటశాల దగ్గర రాత్రంతా ఇద్దరు మనుషులు ఉండాలన్న నిబంధన 2018 డిసెంబరు తర్వాత చాలామందికి అర్థమై ఉండాలి. కర్ణాటకలో చామరాజనగర్ జిల్లా సుళ్వాడి గ్రామంలో గుడి ప్రసాదంలో ఎవరో పురుగుమందు కలిపితే పదిహేను మందికి పైగా చనిపోయారు. మన ఊళ్లో అలాంటి వాళ్లు ఎవరున్నారు అనడం సులువే. కానీ పురుగుమందు డబ్బాలు లేని ఇల్లు మా ఊళ్లో లేదు. ఎవరూ కావాలని కలపకపోయినా, మందు కొలిచిన మగ్గు తెచ్చి నీళ్లు ముంచినా చాలు. అందుకే వంటశాలలోకి బయటి డబ్బా, బయటి మగ్గు ఏదీ రానివ్వం.

సుళ్వాడి గురించి చెప్పుకున్నప్పుడు నన్ను ఇంకో ఆలోచన పట్టుకుంది. మన ఆచారం ప్రకారం నైవేద్యం కాకుండా వంటవాడు రుచి చూడడు. మరి తప్పు ఉంటే ఎవరు పట్టుకుంటారు? ఉప్పు ఎలా తెలుస్తుంది? చేయి తిరిగిన మేస్త్రులు వాసన చూసి ఉప్పు చెప్పేస్తారంటారు. నేను అలాంటివాళ్లను చూశాను, వాళ్లు కూడా తప్పడం చూశాను. రుచి చూడటం కుదరనప్పుడు తూకం తప్ప దారి లేదు. పులిహోరకి కిలో బియ్యానికి 30 గ్రాములు, సాంబారుకి లీటరుకు 10 గ్రాముల ఉప్పు. గుప్పిటతో, గ్లాసుతో వేయకూడదు. కల్లుప్పు, మెత్తటి ఉప్పు ఒకే గ్లాసులో ఒకే బరువు తూగవు. ఉప్పు పొట్లాలు గిన్నె పేరు రాసి ముందురోజే కట్టి ఉంచుతాం. నైవేద్యం గిన్నెలు గుడిలోకి వెళ్లి తెర తీసిన మరుక్షణం, మొదటి ఆకు పడక ముందే, నేనూ మేస్త్రీ పక్కగదిలో ప్రతి పదార్థం ఒక్కో చెంచా తింటాం. ఏదైనా తేడా ఉంటే ఆ గిన్నె ఆగిపోతుంది. తినేది విడి ఆకులో, విడి చెంచాతో. వంటశాలలోకి ఎంగిలి చెంచా పోదు.

సరుకు గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే ఒక్క మార్పుతో సగం బాధ తీరింది. ఆకు లెక్కన కేటరింగుకి ఇవ్వడం మానేశాం. సరుకు మాది, వంట కూలి వాళ్లది. ఆకుకి ఇంత అని మాట్లాడుకుంటే, నెయ్యిలో, పప్పులో మిగిలే ప్రతి రూపాయీ కేటరింగు వాళ్లకే పోతుంది. ఎంత మంచివాళ్లనైనా అలాంటి చోట నిలబెట్టడం మన తప్పు. మేస్త్రి ఇచ్చే సరుకుల పట్టీ ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది. ఆయనకు మాట పడటం ఇష్టం ఉండదు కదా. నా తలసరి లెక్కతో పక్కన పెట్టి చూసి, తేడా ఉన్న చోట ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం.

ఉల్లి, వెల్లుల్లి వద్దంటే మేస్త్రి వేయడు. అవి పొట్లాల్లో దాక్కుని వస్తాయి. దుకాణంలో దొరికే సాంబారు పొడుల్లో, కారప్పొడుల్లో, కొన్ని అప్పడాల్లో వెల్లుల్లి ఉంటుంది. అందుకే సాంబారు పొడి మా ఇంటి ఆడవాళ్లు నలుగురు కలిసి దంచుతారు, అప్పడాల పొట్లం వెనక రాసింది చదివి గానీ కొనం. చక్కెరపొంగలికి బెల్లం ముదురు రంగుదే తీసుకుంటాం. బంగారంలా మెరిసే బెల్లానికి ఆ రంగు తేవడానికి చాలాసార్లు మందు వేస్తారు. ముదురు బెల్లంలో చెరుకు పీచు, ఇసుక ఉంటాయి కాబట్టి కరగబెట్టి గుడ్డలో వడకట్టాకే పొంగలిలో పోయాలి. వడకట్టని ఏడు పొంగలి పంటి కింద కరకరలాడితే ఆ మాట ఏడాదంతా వినాల్సి వచ్చింది.

కిందటి ఏడు ఈ కాగితం మీదే మొత్తం నడిచింది. గట్టిమేళం 12:20కి మోగింది. మొదటి బంతి 1:40కి కూర్చుంది. నాలుగో బంతి మధ్యలో వర్షం వచ్చేలా కమ్ముకుని జనం పాకలోకి తోసుకొచ్చారు, 200 ఆకుల చోట 230 వేశాం. ఆ వాయిలో అన్నం చాలక పది నిమిషాలు పులిహోర, పొంగలితో నెట్టుకొచ్చాం, ఈలోగా తర్వాతి గుండిగ దిగింది. ఆ పది నిమిషాలూ నా గుండె నా దగ్గర లేదు. ఐదో వాయికి 18 కిలోలు చాలాయి. అన్నం రెండు బేసిన్లు మిగిలితే వేడి ఆరకముందే బస్టాండు దగ్గరున్నవాళ్లకి పంచేశాం. ప్రతి గిన్నెలోంచి ఒక డబ్బా తీసి రోజంతా ఫ్రిజ్‌లో ఉంచాను, ఎవరికైనా ఏదైనా అయితే డాక్టరుగారికి చూపించడానికి. మర్నాడు మళ్లీ నాలుగో బంతి, ఐదో బంతి వాళ్ల ఇళ్లకి వెళ్లి అడిగాను. ఒక్కరికీ ఏమీ కాలేదు. డబ్బాలు కడిగేశాను.

ఈ ఏటి కాగితంలో మార్పులు మూడున్నాయి. నాలుగో వాయికి మాత్రం 30 కిలోలు, ఎందుకంటే పొలాల నుంచి వచ్చేవాళ్లు ఆ వేళకే వస్తారు. అంత బియ్యానికి పట్టే గుండిగ గుడిలో ఒక్కటే ఉంది కాబట్టి అది ఆ వాయికి ఖాళీగా ఉండేలా వంతులు మార్చాం. పెరుగు డ్రమ్ములు పాక వెనక వేపచెట్టు కింద కాకుండా గుడి మండపంలో ఉంచాలి, మధ్యాహ్నం రెండు దాటాక వేప నీడ పక్కకి తొలగిపోతోంది. సన్నాయి వాళ్లు మైకు గుడి లోపలికి తిప్పుకున్నప్పుడు వంటశాలకి గట్టిమేళం వినపడదు కాబట్టి, ఒక పిల్లాడిని కల్యాణ మండపం మెట్ల మీద కూర్చోబెట్టాలి. మేళం మోగగానే వాడు పరుగెత్తుకొచ్చి మేస్త్రికి చెప్పాలి.